సాఫ్ చేసిన మెయిల్

కోరుట్ల బస్టాండు నుంచి మార్కెట్ వైపు నాలుగడుగులు వేస్తే నా షట్టర్ గది వస్తుంది. బోర్డు మీద జీఎస్టీ, పాన్ కార్డు, ఆన్‌లైన్ దరఖాస్తులు అని వరసగా రాయించి, అన్నిటికంటే అడుగున చిన్న అక్షరాల్లో ‘ఇంగ్లీషు లెటర్లు రాయబడును’ అని పెట్టించాను. ఆ అడుగు లైనుకే గిరాకీ ఎక్కువ. మస్కట్‌లో జీతం ఆపిన కంపెనీకి, లోన్ ఇవ్వని బ్యాంకుకు, క్లెయిమ్ కొట్టేసిన ఇన్సూరెన్సు వాళ్లకు రాయాల్సినవన్నీ నా దగ్గరికే వస్తాయి. జనం వచ్చి కుర్చీలో కూర్చొని ఏడుస్తూ చెప్తారు. నేను ఏడుపు తీసేసి మిగిలింది రాస్తాను. ఆ తీసేసినందుకే డబ్బులు తీసుకుంటాను.

ఈ విద్య నాకు హైదరాబాదులో అబ్బింది. అక్కడ ఒక కంపెనీలో బిల్లుల చెల్లింపు సెక్షన్‌లో కొన్నేళ్లు పనిచేశాను. రోజూ వందల మెయిళ్లు చూసేవాళ్లం. వాటిలో కథ ఉన్నవాటిని ఎవరూ చదవరు. బిల్లు నంబరు, ఆర్డరు నంబరు, తేదీ, ఒక్క ప్రశ్న, ఇవి ఉన్నదానికే జవాబు వెళ్తుంది. మా మేనేజర్‌తో ఒకరోజు గొడవపడి, అందరూ వింటుండగా నాలుగు మాటలు అనేసి వచ్చేశాను. ఇప్పటికీ ఆ నాలుగు మాటలకు నేను బాధపడటం లేదు.

సిరిసిల్లలో మా మేనమామ ఉంటాడు. మా అమ్మకు తమ్ముడు. ఆయనకు ఎనిమిది సాంచాలు ఉండేవి. బయటివాళ్లు మరమగ్గాలంటారు, మా ఇళ్లలో సాంచాలనే అంటాం. సాంచాలు ఆయనవే గానీ వాటి మీద నడిచే గుడ్డ ఏనాడూ ఆయనది కాదు. సేటు నూలు చుట్టిన భీములు, అంటే పడుగు దూలాలు, ఇస్తాడు, మామ నేస్తాడు, సేటు గుడ్డ తీసుకుపోయి కూలి కట్టిస్తాడు. కరెంటు బిల్లు, పనివాళ్ల కూలి, నూనె, రిపేర్లు పోను మిగిలిందే మామది. ముప్పై ఏళ్లుగా అదే తీరు.

అలాంటి మామ అరవైకి దగ్గర పడుతున్నప్పుడు, ఒక్కసారి సొంతంగా గుడ్డ నేసి, సొంత పేరు మీద బిల్లు రాయాలని ముచ్చటపడ్డాడు. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉంది. దాని పెద్దాఫీసు హైదరాబాదులో. వాళ్లకు మంచాల మీద పరిచే ఆకుపచ్చ కాటన్ దుప్పట్లు కావాలని తెలిసింది. మామ తరఫున కాగితాలన్నీ నేనే పెట్టాను. చిన్న పరిశ్రమ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, రద్దు చేసిన చెక్కు, అన్నీ వాళ్ల పోర్టల్‌లో ఎక్కించాను. ఆర్డరు వచ్చింది.

నూలు అప్పు తెచ్చాడు. నూలు సేటుకు కుదువ పెట్టడానికి ఏముంది, సాంచాలే. “దసరా దాకా టైం ఇయ్యి సేటూ. తీర్చకపోతే సాంచాలు నీయే” అని చెప్పాడట. కాగితం రాసుకోలేదు. అక్కడ కాగితం కన్నా నోటిమాటకే విలువ ఎక్కువ, అందుకే దాన్నుంచి తప్పించుకోవడం కూడా కష్టం. ఇక పాత సేటు, ఎవరి దగ్గరైతే ముప్పై ఏళ్లు నేశాడో ఆయన, ‘నువ్వు పెద్దోడివైనవు’ అని నవ్వుతూనే తన భీములు వేరేవాళ్లకు ఇచ్చేశాడు. అంటే ఆసుపత్రి డబ్బు వస్తే మామ తన సాంచాల మీద తాను నిలబడతాడు. రాకపోతే ఆ సాంచాలు ఉండవు. మధ్యలో ఇంకో దారి లేదు.

దుప్పట్లు నేశాడు. అత్తమ్మ, వాడకట్టు ఆడవాళ్లు ఇంకో నలుగురు కూర్చొని అంచులు కుట్టారు. జగిత్యాలకు లారీ పోయింది. అక్కడి స్టోర్ సారు లెక్కపెట్టుకొని, ఒకటి రెండు దుప్పట్లు గుంజి చూసి, సరుకు అందినట్టు కంప్యూటర్‌లో రసీదు కొట్టాడు. నేను బిల్లు ఎక్కించాను. పది పన్నెండు రోజులకు మామ ఫోనుకు మెయిల్ వచ్చింది, మీ ఇన్‌వాయిస్ అప్రూవ్ అయిందని.

వెంటనే నాకు ఫోను చేశాడు. “బిడ్డా, పాసైంది. మన బిల్లు పాసైంది.”

“మంచిగైంది మామా. ఇగ పైసల కోసం ఎదురుచూడాలె.”

“పాసైతే పైసలే గద?”

ఆయన అలా అనుకోవడంలో తప్పులేదు. సేటు దగ్గర గుమాస్తా గుడ్డను మలిచి, కొలిచి, ‘పాస్’ అన్నాడంటే ఆ వారం కూలి ఆ వారమే చేతికొస్తుంది. ముప్పై ఏళ్లలో పాస్ అన్న గుడ్డకు డబ్బు ఆగిన వారం లేదు. నేను చెప్పి చూశాను. “మామా, వాళ్లు పాస్ చేసిండ్రంటే ఇయ్యాలని ఒప్పుకున్నట్టు. ఇచ్చినట్టు కాదు. అప్రూవ్ చేసే సారు వేరు, పైసలు వేసే సెక్షన్ వేరు.”

“ఒప్పుకున్నంక ఇయ్యకుంట ఎట్లుంటరు బిడ్డా? గంత పెద్ద దవాఖాన. చిల్లర మనుషులా గాళ్లు?”

అత్తమ్మ ఆ మెయిల్‌కు ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, దేవుని పటాల పక్కన తగిలించింది. బొట్టు కూడా పెట్టింది. నేను సిరిసిల్ల వెళ్లినప్పుడు చూసి నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నోరు చేదవుతుంది.

ఆర్డరు షరతుల్లో గడువు నలభై అయిదు రోజులు అని ఉంది. ఆ గడువు వచ్చింది, పోయింది. పోర్టల్ తెరిస్తే పచ్చటి అక్షరాల్లో ‘అప్రూవ్డ్’ అనే ఉంది. పక్కన చెల్లింపు తేదీ గడి ఖాళీ. ఈలోపు ఆ బిల్లు మీద జీఎస్టీ నేనే కట్టించాను. రాని డబ్బుకు పన్ను ముందే కట్టాలి, అది రూలు. మామ దానికోసం అత్తమ్మ గాజులు తాకట్టు పెట్టాడని నాకు తర్వాత తెలిసింది. చెప్పి ఉంటే నేనే సర్దేదాన్ని. చెప్పలేదు. మా వాళ్లకు ఆ రోషం ఒకటి.

ఒకనాడు పొద్దున వేములవాడ మీదుగా బస్సెక్కి మామ కోరుట్ల వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జేబులో మలిచిన నోట్‌బుక్ కాగితాలు. ఆసుపత్రికి రాయాల్సిన మెయిల్ ఆయనే తెలుగులో రాసుకొచ్చాడు. నేను ఇంగ్లీషు చేసి పంపాలి. చదివాను.

“గౌరవనీయులైన ఆసుపత్రి పెద్దలకు సిరిసిల్ల నుంచి నమస్కరించి రాయునది. మీరందరూ పిల్లాపాపలతో చల్లగా ఉన్నారని తలుస్తున్నాము. మీ రోగులకు దుప్పట్లు నేసే భాగ్యం మాకు కలిగినది. ఒక్క పోగు తెగినా ఆ దుప్పటి మీకు పంపలేదు, నేనే కప్పుకుంటున్నాను. మీరు బిల్లు పాస్ చేసిన కాగితాన్ని నా భార్య దేవుని పక్కన పెట్టి మొక్కుచున్నది. నూలు సేటు దినాము ఇంటికి వస్తున్నాడు. అతను మంచివాడే, కానీ అతనికీ పైన ఒక సేటు ఉన్నాడు. దసరా లోపల మీరు దయ చూడకపోతే నా సాంచాలు పోతవి. అవి పోతే నేను ఏమి చేయవలెనో మీరే చెప్పగలరు.”

రెండు పేజీలు ఉంది. చివర సంతకం, కింద అత్తమ్మ సంతకం కూడా. చదువుతుంటే నాకు కోపం వచ్చింది. మామ మీద కాదు. ఈ రెండు పేజీలు ఎవరి టేబుల్ మీదకు పోతాయో, అక్కడ వీటిని ఎట్లా దాటేస్తారో నాకు తెలుసు గనుక.

కంప్యూటర్ ముందు కూర్చొని కొట్టేయడం మొదలుపెట్టాను. మామ నా పక్కనే స్టూలు జరుపుకున్నాడు. ఒక్కో లైను తీస్తుంటే ఆయన ముఖం మారుతోంది.

“పిల్లాపాపలు ఎందుకు తీసినవు? మర్యాద గద.”

“చదివేవాళ్లకు పిల్లలున్నరో లేరో మనకేం తెలుసు మామా.”

“దుప్పటి మాటన్న ఉంచు. గాళ్లకు తెల్వాలె గద, మంచిగ నేసిన్నని.”

“దుప్పట్లు మంచిగున్నయని వాళ్లే ఒప్పుకున్నరు. ఒప్పుకున్నదాన్ని మల్ల చెప్తే, ఇంకేదో తకరారు ఉందేమో అనుకుంటరు.”

“సాంచాలు పోతయని రాయి. గది అబద్ధం కాదు.”

అక్కడ నా వేళ్లు ఆగాయి. అబద్ధం కాదు, నిజమే. కానీ ఆ నిజానికి ఆ ఆఫీసులో గడి లేదు. మన కష్టం రాస్తే జాలిపడరు, జడుసుకుంటారు. వీడు చిన్నవాడు, రేపు సరుకు ఇస్తాడో ఇవ్వడో అని మన పేరు పక్కన ఇంకో అనుమానం గుర్తు పెట్టుకుంటారు. ఆ మాట మామకు చెప్పలేక, “మామా, ఇది నాకు వదిలెయ్యి” అన్నాను.

చివరికి మిగిలింది తెలుగులో చెప్పుకుంటే ఇంతే. పైన సబ్జెక్టు గడిలో ఆర్డరు నంబరు, బిల్లు నంబరు, ‘చెల్లింపు తేదీ కోరుతూ’ అని. లోపల: “పై బిల్లును మీ పోర్టల్‌లో ఫలానా తేదీన ఆమోదించారు. ఆర్డరు షరతుల ప్రకారం చెల్లింపు గడువు ఫలానా తేదీన ముగిసింది. ఇది ఏ చెల్లింపు విడతలో ఉందో, ఏ తేదీన జమవుతుందో తెలియజేయగలరు. మా నుంచి ఇంకేదైనా పత్రం అవసరమైతే ఈ మెయిల్‌కే జవాబుగా చెప్పగలరు. ధన్యవాదాలు.” కింద మామ పేరు, ఫోను నంబరు. పంపేది మామ మెయిల్ నుంచే, అది నా కంప్యూటర్‌లోనూ తెరిచి ఉంటుంది.

“గంతేనా?” అన్నాడు మామ. “నేను రెండు పేజీలు రాస్తి.”

“సాఫ్ చేసిన మామా.”

ఆయన తన కాగితాలను మళ్లీ మలుచుకొని జేబులో పెట్టుకున్నాడు. గింజలు పోయి పొట్టు మిగిలినట్టు చూశాడు స్క్రీన్ వైపు. బిల్లు మళ్లీ పెట్టవా అని అడిగాడు. వద్దన్నాను. బిల్లు వాళ్ల దగ్గర ఉంది, అప్రూవ్ అయింది, దాని నంబరు చాలు. ఆ మెయిల్ అడ్రసుకు ఏ బిల్లు పెట్టి పంపినా వాళ్ల సిస్టం దాన్ని కొత్త బిల్లుగా తీసుకుంటుంది, జాగ్రత్త, ఆ బిల్లు మల్ల పంపద్దు అని గట్టిగానే చెప్పాను. సరే అన్నాడు. ఛాయ్ తాగి బస్సెక్కాడు.

ఆయన బస్టాండుకు కూడా చేరి ఉండడు, జవాబు వచ్చింది. ‘మీ విన్నపం అందింది, మీరు మాకు ముఖ్యులు’ అని. అది మిషన్ ఇచ్చే జవాబు. అందరికీ అదే వస్తుంది. మామకు ఫోను చేసి చెప్పేంతటిది కాదని ఊరుకున్నాను.

అసలు జవాబు వారం తర్వాత వచ్చింది. ఇద్దరు మనుషుల పేర్లున్న, నిజంగా మనిషి రాసిన జవాబు. ‘మీ బిల్లు చెల్లింపుకు సిద్ధంగా ఉంది. ఈ నెల రెండో విడతలో జమ చేస్తాం’ అని. నెలలో కొన్ని రోజులే అందరి బిల్లులకూ కలిపి డబ్బు వేస్తారు, ఆ రెండో విడత దసరాకు బాగా ముందే. నా పొట్టు మెయిల్ పనిచేసింది. ఆ రోజు నేను షట్టర్ తొందరగా దించి, మిర్చి బజ్జీలు కట్టించుకొని ఇంటికి పోయాను. మామ ఫోనులో, “నీ చేతిల మహిమ ఉంది బిడ్డా” అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాయాల్సిన పనిలేదు.

సిరిసిల్లలో మా పాతవాళ్లకు ఒక అలవాటుంది. బాకీ ఇస్తానని సేటు ఒప్పుకున్నాక, డబ్బు తెచ్చుకోవడానికి పాత బిల్లు పట్టుకొని పోరు. పాత బిల్లు మీద పాత తేదీ ఉంటుంది. దాన్ని చూస్తే ఎన్నాళ్లు తిప్పించాడో సేటుకు గుర్తొస్తుంది, నామోషీ అవుతుంది. అందుకని అదే నంబరు, అదే లెక్క వేసి, ఆ రోజు తేదీతో కొత్త బిల్లు రాస్తారు. మూలకు ఇంత పసుపు రాసి చేతిలో పెడతారు. సేటు పాతది చించేసి కొత్తదాని మీద డబ్బిస్తాడు. జరిగిన ఆలస్యాన్ని ఇద్దరూ కలిసి చెరిపేసుకోవడం అది. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. ఆలస్యం చేసినవాడి పరువు గురించి డబ్బు రావాల్సినవాడు ఆలోచిస్తాడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మామ అదే చేశాడు. ఇస్తామన్నారు కదా అని బిల్లు బుక్కులోంచి కొత్త కాగితం తీసి, అదే నంబరు వేసి, ఆనాటి తేదీ వేసి, మూలకు పసుపు రాసి, ఫోనుతో ఫొటో తీసి, ఆసుపత్రి వాళ్ల మెయిల్‌కు జవాబుగా పంపాడు. పైన తనకొచ్చిన ఇంగ్లీషులో ‘థాంక్యూ సార్’ అని కూడా రాశాడు.

రెండో విడత రోజు పోర్టల్ తెరిచాను. పచ్చ అక్షరాలు లేవు. ఎర్ర అక్షరాల్లో ‘హోల్డ్’ అని ఉంది. హైదరాబాదుకు ఫోను చేస్తే అవతల ఒక అమ్మాయి విసుగు లేకుండా, జాలి లేకుండా చెప్పింది. ఒకే నంబరు, ఒకే మొత్తం, రెండు తేదీలతో రెండు బిల్లులు వచ్చాయి మేడమ్, డూప్లికేట్ అనుమానంతో సిస్టం రెండింటినీ ఆపింది, సరుకు ఒక్కసారే అందిందని జగిత్యాల స్టోర్ రాయాలి, రెండో బిల్లు రద్దు చేసుకుంటున్నట్టు మీరు రాయాలి. ఆమె చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ సీట్లో నేనున్నా అదే చెప్తాను. అందుకే నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు.

మామ మీదే అరిచాను. “పంపద్దన్న గద మామా!”

“గా బిల్లు పంపద్దన్నవు. గా బిల్లు పంపలే. కొత్తది రాసిన” అన్నాడు. ఆయన గొంతులో తప్పు చేసినవాడి బెదురు లేదు. నిజంగా అర్థం కాలేదు ఆయనకు. మర్యాద చేస్తే డబ్బు ఆగుతుందని ఆయనకు ఎవరు నేర్పారు?

మర్నాడే జగిత్యాల పోయాను. ఆసుపత్రి వెనక, మందుల వాసన కొట్టే సందులో స్టోర్. వరండాలో ఉతికి ఆరేసిన దుప్పట్లు, ఆకుపచ్చవి, మామవే. ఎన్నిసార్లు ఉతికారో, రంగు కొంచెమైనా దిగలేదు. స్టోర్ సారు సెలవులో ఉన్నాడు. రెండు రోజులకు మళ్లీ పోయాను. ఆయన మంచివాడే. “అయ్యో, పెద్దాయన సరుకు ఫస్ట్ క్లాసమ్మా. లోడు ఒక్కటే అచ్చింది, నాకు యాదికుంది” అని నా ముందే హైదరాబాదుకు మెయిల్ కొట్టాడు. వచ్చేటప్పుడు వరండాలో ఆగి ఒక దుప్పటి అంచు పట్టుకొని చూశాను. అత్తమ్మ కుట్టు నాకు తెలుసు. పక్క వార్డులో మంచాల మీద వాటినే పరిచారు. వాడుకోవడానికి ఏ హోల్డూ అడ్డం రాలేదు.

ఆ సాయంత్రం మామను కోరుట్లకు పిలిపించి రెండో మెయిల్ రాశాను. ఈసారి ఆయన తెచ్చిన కాగితం అరపేజీయే. ‘బుద్ధి తక్కువై చేసినాను, క్షమించగలరు, మీ కాళ్లు మొక్కుతాను’ అని ఉంది. నేను చింపేశాను. క్షమాపణ ఒక్క ముక్క కూడా పెట్టలేదు. ‘రెండో తేదీతో వచ్చిన పత్రాన్ని ఉపసంహరించుకుంటున్నాం. మొదటి బిల్లు మాత్రమే చెల్లుతుంది. సరుకు ఒక్కసారే అందిందని మీ స్టోర్ ధ్రువీకరించింది. హోల్డ్ తీసి చెల్లింపు తేదీ తెలపగలరు.’ దాని కింద ఇంకో లైను కలిపాను. చిన్న పరిశ్రమకు గడువు దాటిన చెల్లింపు మీద చట్టప్రకారం వడ్డీ ఇవ్వాల్సి ఉంటుందని, అవసరమైతే ఫిర్యాదు చేసే హక్కు మాకుందని.

ఆ లైను ఏమిటని అడిగాడు మామ. చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

“వద్దు బిడ్డా. తీసెయ్యి.”

“మామా, ఇది బెదిరింపు కాదు. చట్టం. మనకున్న హక్కు.”

“హక్కు నాకుంటది, మల్ల ఆర్డరు గాళ్ల చేతిలుంటది. కేసు పెట్టినోని గుడ్డ ఈ జిల్లాల ఎవ్వడు కొనడు. ముప్పై ఏండ్ల సంది ఎవ్వలతోని ఒక్క మాట పడలే. తీసెయ్యి, నీకు దండం పెడ్త.”

నిజంగానే చేతులు జోడించాడు, చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకొని తిప్పినవాడు. తీసేశాను. నా జన్మలో నేను సాఫ్ చేసిన మాటల్లో ఆ ఒక్క లైను తీసేటప్పుడే చెయ్యి కాలినట్టయింది.

హోల్డ్ తీశారు. మళ్లీ పచ్చ అక్షరాలు, మళ్లీ ‘అప్రూవ్డ్’. కానీ అప్పటికి ఆ నెల విడతలు అయిపోయాయి. అర్ధ సంవత్సరం లెక్కలు మూసే పని నడుస్తోంది, తర్వాతి విడత పండుగ సెలవుల తర్వాతేనని జవాబు వచ్చింది. చివర ‘మీ ఓపికకు ధన్యవాదాలు’ అని ఉంది. దసరాకు ముందు నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే ఓపిక.

నూలు సేటు మాట తప్పలేదు. మామ కూడా తప్పలేదు. పండుగ మర్నాడు నేను సిరిసిల్ల పోయేసరికి కార్ఖానా తలుపులు బార్లా తీసి ఉన్నాయి. సాంచాలను విప్పి ముక్కలు చేసి కాంటా మీద పెడుతున్నారు. నడిచే సాంచాలుగా వాటిని కొనేవాడు లేడు, సగం ఊరు అవే అమ్ముకుంటోంది. ఇనుము ధరకే పోయాయి. మామ కాంటా పక్కన నిలబడి తూకం తనే చదివి చెప్తున్నాడు, సేటు గుమాస్తాకు సాయంగా. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఏం చేయాలో తెలియక లోపలికి పోయాను. అత్తమ్మ స్టూలెక్కి ఆ ఫ్రేమును దించుతోంది.

“అద్దం పనికొస్తది. కాగితం తీసేసి ఇంకేదన్న ఫొటో పెడ్త” అంది.

డబ్బు సెలవులు అయిన వారానికి పడింది. పైసా తగ్గకుండా పడింది. వడ్డీ లేదనుకోండి. బ్యాంకు నంబరుతో సహా మెయిల్ వచ్చింది, ‘మీ చెల్లింపు విజయవంతంగా పూర్తయింది’ అని. సాంచాల ఇనుముకు వచ్చింది పోను నూలు సేటుకు ఇంకా ఇవ్వాల్సింది ఇచ్చి, గాజులు విడిపించి, వాడకట్టు ఆడవాళ్ల కుట్టుకూలి కట్టేసరికి మామ చేతిలో కొంత మిగిలింది. ఎనిమిది కాదు, ఒక్క సాంచా కొత్తగా పెట్టుకోవడానికి కూడా చాలదు. మామ ఇప్పుడు వేరేవాళ్ల కార్ఖానాలో కూలికి నేస్తాడు. ఎవరిదో తెలుసా? ఆ పాత సేటు భీములు ఎత్తుకున్నవాడిది.

చలికాలం మొదట్లో మామ మళ్లీ కోరుట్ల వచ్చాడు. ఈసారి ఇస్త్రీ చొక్కా లేదు, మోచేతుల దాకా నూలు దుమ్ము. ఫోను నా ముందు పెట్టాడు. ఆసుపత్రి నుంచి మెయిల్. కొత్త ఆర్డరు. పోయినసారికి రెట్టింపు దుప్పట్లు. సరుకు నాణ్యత బాగుందని, ఎన్ని ఉతుకులకైనా తట్టుకుంటోందని, తమ మిగతా ఆసుపత్రులకూ కావాలని రాశారు.

చదివి చెప్పాను. మామ తల ఊపాడు. “నాకు తెలుసు, మంచిగుంటయని” అన్నాడు. ఇంకొకసారి చదవమన్నాడు. చదివాను. రెండోసారి విన్నాక, “జవాబు రాయాలె” అన్నాడు.

ఆయన చెప్తూ పోయాడు. నేను అలవాటుగా సాఫ్ చేస్తూ టైపు చేశాను. మీ ఆర్డరుకు ధన్యవాదాలు, అనివార్య కారణాల వల్ల ప్రస్తుతం సరఫరా చేయలేకపోతున్నాం, భవిష్యత్తులో అవకాశం ఇవ్వగలరు. మూడు లైన్లు. ఆయనకు ఇంగ్లీషు రాదు, కానీ లైన్లు లెక్కపెట్టడం వచ్చు.

“నేను గంత చెప్తే గింతే అయిందేంది?”

“సాఫ్ చేసిన మామా.”

“ఈసారి సాఫ్ చెయ్యకు బిడ్డా” అన్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే. “ఇగ గాళ్లు మనకు ఇచ్చేది ఏం లేదు. భయమెందుకు?”

చెరిపేశాను. ఆయన మొదటి నుంచి చెప్పాడు, నేను తెలుగులోనే కొట్టాను. “అయ్యా, మీరందరూ పిల్లాపాపలతో చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. మీ దుప్పట్లు నేసిన సాంచాలు లేవు. మీరు బిల్లు పాస్ చేసిన నాడు అవి నడుస్తున్నయి. మీరు పైసలు వేసిన నాడు వాటిని కాంటా మీద పెట్టి వారం దాటింది. మీరు తప్పు చేసిండ్రని అంటలేను. మీ దగ్గర తప్పు చేసిన మనిషి ఎవరో నాకు దొరకలేదు. దొరికితే ఒక్క మాట అడిగేవాన్ని, పాస్ చేసినంక మల్ల ఎందుకు ఆపిండ్రని. గా దుప్పట్లు మంచిగ వాడుకోండ్రి. మరీ వేడి నీళ్లల్ల వెయ్యకుంటే కొన్నేండ్లు ఎక్కువ ఉంటయి.” కింద ఆయన పేరు పెట్టించాడు. అత్తమ్మ పేరు కూడా పెట్టమన్నాడు.

ఒక్క అక్షరం ముట్టుకోకుండా పంపాను.

మామ ఛాయ్ గ్లాసు ఇంకా ఎత్తనేలేదు, ఫోను మోగింది. “జవాబచ్చిందా? ఏమన్నరు?” అని స్టూలు ముందుకు జరిపి అడిగాడు. ఆయన ముఖంలో ఆ ఆశ చూడలేకపోయాను. మీ విన్నపం అందింది, మీరు మాకు ముఖ్యులు, అని ఉంది.

“అందిందన్నరు మామా. మనం వాళ్లకు ముఖ్యమట” అని చదివి చెప్పాను. అది మనిషి రాసింది కాదని చెప్పలేదు.